షాపు అద్దం మీద పోస్టర్: దారిన పోయేవాళ్లు రెండు సెకన్లలో చదివేలా ఏం రాయించాలి?

పేట మొబైల్స్

అందరికీ నమస్కారం. నరసరావుపేటలో బస్టాండు దగ్గర నాది చిన్న మొబైల్ రిపేర్ కౌంటర్. షాపు ముందు భాగం 8 అడుగులు. అందులో 4 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు అద్దం ఉంది. దాని మీదున్న ఫ్లెక్స్ వెలిసిపోయింది, కొత్తది వేయించాలి. ఇప్పుడున్న మేటర్ ఇదీ:

> ఇచ్చట అన్ని రకాల మొబైల్ ఫోన్లు రిపేరు చేయబడును
> కాంబో, టచ్, ఛార్జింగ్ బోర్డు, మైక్, స్పీకర్, ఐసీ వర్క్, సాఫ్ట్‌వేర్
> టెంపర్డ్ గ్లాసులు, పౌచులు, ఇయర్‌ఫోన్లు లభించును
> అన్ని రీఛార్జులు చేయబడును

పైన షాపు పేరు, కింద రెండు ఫోన్ నంబర్లు, రెండు పక్కలా ఫోన్ల బొమ్మలు. విచిత్రం ఏంటంటే, టెంపర్డ్ గ్లాసు వేయించుకుంటూ "ఇక్కడ రిపేర్లు కూడా చేస్తారా?" అని అడిగేవాళ్లు ఉన్నారు. ఆ అద్దానికి ఆనుకునే నిలబడి అడుగుతారు! బస్సు దిగి నడిచి వెళ్లేవాళ్లే నాకు ఎక్కువ. వాళ్ల కంట్లో పడాలంటే ఏం రాయించాలి?

డిజిటల్ కిరణ్

బ్రో, సింపుల్. ఎర్ర బ్యాక్‌గ్రౌండ్ మీద "50% ఆఫ్" అని పెద్దగా వెయ్యి. జనం ఆఫర్ అంటేనే ఆగుతారు. పక్కన క్యూఆర్ కోడ్ పెట్టు, స్కాన్ చేస్తే నీ వాట్సాప్ తెరుచుకోవాలి. పెద్ద కంపెనీల లోగోలు వరసగా పెడితే నమ్మకం వస్తుంది. పోస్టర్‌లో చదవాల్సింది తక్కువ ఉండాలి, అంతే.

బోర్డు మాస్టారు

కిరణ్ గారి చివరి మాట కరెక్టు. మిగతావాటితోనే ఇబ్బంది. నేను బ్రష్షుతో బోర్డులు రాసే రోజుల నుంచి ఈ పనిలో ఉన్నాను, ఇప్పుడు ఫ్లెక్స్ డిజైన్లు చేస్తున్నాను.

ముందు టైమ్ లెక్క చూద్దాం. మామూలుగా నడిచే మనిషి సెకనుకి నాలుగు అడుగుల దూరం వెళ్తాడు. మీ 8 అడుగుల షాపుని రెండు సెకన్లలో దాటేస్తాడు. ఆ రెండు సెకన్లూ మీ అద్దం వైపే చూస్తాడని కూడా లేదు, ముందు బస్సు వస్తోందా, బండి వస్తోందా అని చూసుకుంటాడు. ఆ టైమ్‌లో నాలుగైదు మాటల కంటే బుర్రలోకి ఎక్కవు. మీ పాత మేటర్‌లో మొదటి నాలుగు మాటలు చూడండి: "ఇచ్చట అన్ని రకాల మొబైల్". ఇంతవరకు చదివినా మీరు అమ్ముతారో బాగుచేస్తారో తెలియదు. "రిపేరు" అనే మాట వచ్చేసరికి మనిషి పక్క షాపు ముందు ఉంటాడు.

"చేయబడును" అనేది పాత బోర్డుల భాష. ఎవరు చేస్తారో చెప్పదు, చోటు మాత్రం తింటుంది.

మరో సంగతి. కాంబో, ఐసీ వర్క్, ఛార్జింగ్ బోర్డు అనేవి మీ మాటలు. కస్టమరు కౌంటర్ దగ్గరికి వచ్చి ఏమంటాడు? ఆ మాట ఇక్కడ రాయండి, అక్కడి నుంచి మొదలుపెడదాం.

పేట మొబైల్స్

నిజమే మాస్టారూ, డిస్‌ప్లే, టచ్ కలిసిన సెట్టుని మేం కాంబో అంటాం, కస్టమర్లు ఎవరూ అలా అనరు. "ఫోన్ కింద పడి పగిలింది" అంటారు. ఎక్కువ అదే. తర్వాత "ఛార్జింగ్ ఎక్కట్లేదు". ఆ తర్వాత "అవతలివాళ్లకి నా మాట వినపడట్లేదు". వానాకాలం అయితే "నీళ్లలో పడింది". బ్యాటరీ ఉబ్బి వెనక డోరు లేచినవి కూడా వస్తుంటాయి.

రమణ 77

నాది కూడా ఇదే సమస్య అండి. ఛార్జింగ్ పెడితే ఒక్కోసారి ఎక్కుతుంది, ఒక్కోసారి వైరు వంచి పట్టుకుంటేనే ఎక్కుతుంది. కొత్త ఛార్జర్ కొన్నా అంతే. బోర్డు మార్చాలా?

ఐసీ వర్క్

రమణ గారూ, ఇది పోస్టర్ గురించి. అయినా చెప్తాను. ముందు ఛార్జింగ్ హోల్‌లోకి టార్చి వేసి చూడండి. జేబులో దూది, దుమ్ము అడుగున గట్టిగా పేరుకుపోతే పిన్ను లోపలిదాకా వెళ్లదు. ఫోన్ ఆఫ్ చేసి చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తియ్యండి, సూది పెట్టొద్దు. పిన్ను పూర్తిగా దిగి టిక్కుమని పట్టినా అలాగే ఉంటే అప్పుడు జాక్ వదులైందని అనుమానించాలి.

అన్నా, ఈయన ప్రశ్నే నీకు పోస్టర్. "ఛార్జింగ్ ఎక్కట్లేదా? ఫ్రీగా చూసి చెప్తాం" అని పెడితే ఇలాంటివాళ్లంతా ఆగుతారు. శుభ్రం చేస్తే బాగైపోయేవి చాలానే ఉంటాయి, అలా బాగైనవాడు జన్మలో ఇంకో షాపుకి వెళ్లడు.

రమణ 77

థాంక్సండి. దూది వచ్చింది! చాలా వచ్చింది.

బోర్డు మాస్టారు

మంచిది. ఇప్పుడు పెద్ద లైను సంగతి. ఎక్కువ వచ్చేది పగిలిన ఫోనే కాబట్టి దాన్నే తీసుకుందాం. "స్క్రీన్ పగిలిందా?", "డిస్‌ప్లే పగిలిందా?", "ఫోన్ పగిలిందా?" ఈ మూడింట్లో నేను మూడోదే రాస్తాను. ఎందుకంటే దాంట్లో ఒక్క వత్తు కూడా లేదు. "స్క్రీ"లో సకారం కింద కవత్తు, రవత్తు, పైన దీర్ఘం. అంత గందరగోళం ఒక్క అక్షరంలో! దగ్గర్నుంచి బాగానే ఉంటుంది, రోడ్డు అవతల నుంచి నల్లటి ముద్దలా కనిపిస్తుంది. పైగా వత్తుల కోసం లైనుకీ లైనుకీ మధ్య ఎడం ఎక్కువ వదలాలి, ఆ మేరకు అక్షరం చిన్నదైపోతుంది.

సైజుకి మా పనివాళ్ల లెక్క ఒకటుంది. చూసేవాడు 10 అడుగుల దూరంలో ఉంటే అక్షరం ఒక అంగుళం ఎత్తు. తెలుగులో ఆ అంగుళం గుడిదీర్ఘాలు, వత్తులు కలిపి కాదు, అసలు అక్షరం ఎత్తు. మీ రోడ్డు వెడల్పు ఎంత?

పేట మొబైల్స్

అవతలి షాపుల దాకా 40 అడుగులు ఉంటుంది.

బోర్డు మాస్టారు

అయితే 4 అంగుళాల అక్షరం. మీ అద్దం వెడల్పు 48 అంగుళాలు. "ఫోన్ పగిలిందా?" రాస్తే సున్నా, ప్రశ్న గుర్తు, మాటల మధ్య ఖాళీ కలిపి తొమ్మిది స్థానాలు. ఒక్కోదానికి 4 అంగుళాలు వేసుకున్నా 36, ఇంకా రెండు పక్కలా ఆరేసి అంగుళాలు ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ వదిలెయ్యండి, అక్కడ ఫోన్ బొమ్మలు పెట్టొద్దు. అక్షరాల చుట్టూ ఖాళీ ఉంటేనే కన్ను ముందు అక్కడికి వెళ్తుంది. "ఛార్జింగ్ ఎక్కట్లేదా?" అయితే ఈ సైజులో ఒక లైనులో ఇరుక్కుంటుంది, మూడు వత్తులు కూడా. దాన్ని రెండో లైనులో, సగం సైజులో పెట్టుకోవచ్చు.

డిజిటల్ కిరణ్

మాస్టారూ, ప్రశ్న వెయ్యడం పాత టెక్నిక్ కదా. ఫోన్ పగలనివాడు "లేదు" అనుకుని వెళ్లిపోతాడు.

బోర్డు మాస్టారు

వెళ్లనివ్వండి. వాడితో ఈరోజు మనకు పని లేదు. రేపు పగిలినప్పుడు "బస్టాండు దగ్గర ఫోన్ రిపేర్ బోర్డు" అని గుర్తొస్తే చాలు.

శైలజ టీచర్

నేను ఈ పని చేసేదాన్ని కాదు, కస్టమర్‌గా చెప్తున్నాను. నా ఫోన్ అద్దం పగిలి చాలా రోజులైంది. చేతికి గుచ్చుకోకుండా టేపు వేసి వాడుతున్నాను. దారిలో రిపేర్ షాపులు లేక కాదు. ఫోన్ ఇచ్చి సాయంత్రం రమ్మంటారు, లాక్ చెప్పమంటారు. అందులో మా పిల్లల ఫోటోలు, బ్యాంకు యాప్‌లు ఉన్నాయి. సగం ధర అని రాసినా నేను ఆగను. "మీ ముందే చేస్తాం, లాక్ చెప్పక్కర్లేదు" అని రాసి ఉంటే మాత్రం ఆగుతాను. మా స్టాఫ్ రూమ్‌లో ఆడవాళ్లందరిదీ ఇదే టెన్షన్.

ఐసీ వర్క్

మేడమ్ చెప్పింది బంగారం లాంటి పాయింట్. నేను హైదరాబాద్‌లో పనిచేస్తాను, మా మార్కెట్‌లో కూడా జనం భయం ఇదే. డిస్‌ప్లే మార్చడానికి లాక్ తెలియాల్సిన పని లేదు. బిగించాక లాక్ స్క్రీన్ మీద నంబర్లన్నీ నొక్కి చూస్తే టచ్ చాలావరకు తెలిసిపోతుంది. లాక్ తియ్యకుండానే కెమెరా తెరిచి చూడొచ్చు, ఛార్జింగ్ పెడితే గుర్తు వస్తుంది. మిగతావి, అంటే కాల్‌లో ఫోన్ చెవి దగ్గర పెడితే స్క్రీన్ ఆరిపోతోందా లేదా లాంటివి, కస్టమరే లాక్ తీసి మన ముందే చూసుకుంటాడు. సామ్‌సంగ్ కొత్త ఫోన్లలో మెయింటెనెన్స్ మోడ్ అని ఉంది, అది ఆన్ చేసి ఇస్తే ఫోటోలు, మెసేజ్‌లు మనకు కనపడవు. పిక్సెల్‌లో రిపేర్ మోడ్ అదే పని చేస్తుంది. కానీ పూర్తిగా పగిలి ఏమీ కనపడని ఫోన్‌లో ఇవి ఆన్ చేయలేం.

సాఫ్ట్‌వేర్ పనికి మాత్రం లాక్ కావాల్సి రావొచ్చు. కాబట్టి "లాక్ చెప్పక్కర్లేదు" అనేది పగిలిన ఫోన్ లైను కిందే ఉండాలి, అన్ని పనులకీ అన్నట్టు కనపడకూడదు.

పేట మొబైల్స్

ఇది నాకు తట్టనే లేదు. అయితే ఇలా?

> ఫోన్ పగిలిందా?
> 30 నిమిషాల్లో మీ ముందే మారుస్తాం
> లాక్ చెప్పక్కర్లేదు

ఐసీ వర్క్

30 నిమిషాలు తీసెయ్యి అన్నా. విప్పి బిగించడం అరగంటే, ఒప్పుకుంటాను. గ్లూ సంగతేంటి? క్లిప్పులు పెట్టి పట్టుకునేదాకా ఆగకుండా చేతికిచ్చేస్తే నాలుగు రోజుల్లో ఒక మూల లేస్తుంది, సందులోంచి వెలుతురు కనపడుతుంది. అప్పుడు వచ్చేవాడు ఒక్కడే రాడు, తోడు మనిషిని తీసుకొస్తాడు. అసలు ఆ మోడల్ డిస్‌ప్లే నీ దగ్గర లేకపోతే? గుంటూరు నుంచో విజయవాడ నుంచో తెప్పించాలి, మర్నాడే. అద్దం మీద అరగంట అని ఉంటే మొదటి మాటే గొడవతో మొదలవుతుంది.

"మీ ముందే" అనేది నీ చేతిలో ఉన్న మాట, స్టాకుతో సంబంధం లేదు. దాన్ని పెట్టుకో. టైమ్ కౌంటర్ దగ్గర మోడల్ చూసి చెప్పు.

కిరణ్ చెప్పిన లోగోల గురించి కూడా ఒక మాట. "సామ్‌సంగ్ ఫోన్లు బాగుచేస్తాం" అని మామూలు అక్షరాల్లో రాసుకుంటే ఉన్న మాట చెప్పినట్టే. కంపెనీ లోగో పెట్టి, కంపెనీ సర్వీస్ సెంటర్ అనిపించేలా చేస్తే అది వేరే కథ, నోటీసు రావొచ్చు. "ఒరిజినల్ డిస్‌ప్లే" అని కూడా రాయకు, నువ్వు వేసేది కాపీ అయితే. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో తప్పుదోవ పట్టించే ప్రకటనల గురించి ఉంది. షాపు అద్దం మీద రాసినా ప్రకటనే.

డిజిటల్ కిరణ్

సరే, లోగోలు వద్దు. కానీ రేటు అయినా ఉండాలిగా? "రూ.1200 నుంచి" అని వేస్తే లోపలికి రావడానికి ధైర్యం వస్తుంది. రేటు లేని షాపు అంటే ఎంత గుంజుతాడో అని భయపడతారు.

ఐసీ వర్క్

"నుంచి" అనే మాటని ఎవరూ చదవరు, 1200 చదువుతారు. అమోలెడ్ డిస్‌ప్లే ఉన్న ఫోన్ పట్టుకొచ్చినవాడికి దానికి రెండు మూడింతలు చెప్పాల్సి వస్తుంది. వాడి మొహం చూడాలి అప్పుడు.

శైలజ టీచర్

నాకైతే రేటు చూడాలనే ఉంటుంది. పోస్టర్ మీద కాకపోయినా, కౌంటర్ మీద పది మోడళ్ల రేట్లతో ఒక కాగితం ఉంటే చాలు. అడగడానికి మొహమాటపడేవాళ్లు ఉంటారు.

డిజిటల్ కిరణ్

కాగితం లోపలికి వచ్చాక కదా మేడమ్. బయటివాణ్ణి లోపలికి లాగేది ఏంటి అన్నది ప్రశ్న. రేటు విషయంలో నేను తగ్గను.

విజయ డీటీపీ

మేటర్ ఫైనల్ కాకముందే ఒక హెచ్చరిక. ఫ్లెక్స్ షాపులో చాలామంది ఇప్పటికీ అను అనే పాత తెలుగు ఫాంట్లలోనే పనిచేస్తారు. మీరు వాట్సాప్‌లో పంపిన తెలుగు అందులో నేరుగా అతకదు, ఆపరేటర్ మళ్లీ టైపు చేస్తాడు. "పగిలిందా" కాస్తా "పగలిందా" అయ్యేది అక్కడే. ఫోన్లలో వాడే యూనికోడ్‌లోనే చేస్తామన్నా పాత సాఫ్ట్‌వేర్ అయితే వత్తు విడిపోయి అక్షరం పక్కన కూర్చుంటుంది. ప్రింటుకి ముందు ఫోటో తెప్పించుకుని ఒక్కో అక్షరం చూసుకోండి. మా షాపులో అయితే ఆ ఫోటో ఓకే చేసిన తర్వాత తప్పు దొరికితే ఫ్లెక్స్ డబ్బులు కస్టమర్‌వే.

ఫాంటు లావుగా, సాదాగా ఉండాలి. నీడలు, అవుట్‌లైన్లు, బంగారు రంగు మెరుపులు అడగొద్దు. పెళ్లి బ్యానర్లకి సరే, అక్షరాల లోపలి సందులు వాటితో పూడిపోతాయి.

పేట మొబైల్స్

రంగులు? మాది పడమటి ముఖం. మధ్యాహ్నం నుంచి ఎండ నేరుగా అద్దం మీదే.

బోర్డు మాస్టారు

అందుకే మీ పాత ఫ్లెక్స్ వెలిసింది. ఫ్లెక్స్ ఎండలో ఉంటే ఎరుపు, పసుపు ముందు పోతాయి, నీలం ఛాయ, నలుపు మిగులుతాయి. ఎర్ర అక్షరాలు రాయిస్తే చివరికి అక్షరాలే కనపడవు. పసుపు మీద నలుపు పెట్టించండి. పసుపు పాలిపోయి లేత రంగుకి వచ్చినా నల్ల అక్షరం నిలబడుతుంది. అప్పటికి కొత్తది వేయించుకోవచ్చు, ఫ్లెక్స్ ధర చదరపు అడుగుల లెక్కే కదా, మీది 12 చదరపు అడుగులు.

అద్దంతో రెండు చిక్కులున్నాయి. పగలు బయట వెలుగు ఎక్కువ, లోపల తక్కువ. అద్దం మీద నేరుగా నల్ల స్టిక్కర్ అక్షరాలు అంటిస్తే వాటి వెనక షాపు చీకటి, ముందు రోడ్డు ప్రతిబింబం. ఏమీ కనపడదు. స్టిక్కర్ అక్షరాలే కావాలంటే తెలుపు. మనం పసుపు ఫ్లెక్స్ అనుకుంటున్నాం కాబట్టి ఈ బాధ తక్కువ, అయితే అద్దం లోపల కాకుండా బయటి వైపు బిగించండి. రాత్రి చిక్కు వేరు. షాపులో లైటు వెనక నుంచి వస్తుంది, ఫ్లెక్స్ ముందు భాగం నీడలో ఉంటుంది. పైన ఒక చిన్న ఎల్ఈడీ లైటు దాని మీద పడేలా పెట్టించండి. చివరి బస్సుల జనం మీకు ముఖ్యం కదా.

షాపు ముందు బైకులు ఆపుతారా?

పేట మొబైల్స్

ఎప్పుడూ నాలుగైదు ఉంటాయి మాస్టారూ. అద్దం కౌంటర్ పైనుంచి, నేల నుంచి 3 అడుగుల ఎత్తులో మొదలవుతుంది, 6 అడుగుల దాకా.

బోర్డు మాస్టారు

అయితే కింది అడుగు భాగం లేదనుకోండి. బైకుల అద్దాలు, హ్యాండిళ్లు అడ్డం. పెద్ద లైను పై అడుగులో, రెండో లైను దాని కింద. ఫోన్ నంబరు కావాలంటే అట్టడుగున చిన్నగా. షాపు ముందు నిలబడినవాడికి నంబరు ఎందుకో నాకైతే తెలియదు.

పేట మొబైల్స్

షాపు మూసి ఉన్నప్పుడు ఫోన్ చేస్తారండి. ఒక నంబరు ఉంచుతాను.

బోర్డు మాస్టారు

అది సరే.

ఇంకొకటి. బస్టాండు నుంచి వచ్చేవాడు మీ అద్దానికి ఎదురుగా రాడు, గోడ వెంట నడిచి వస్తాడు. ఆ కోణంలో అక్షరాలు నలిగి కనిపిస్తాయి, దగ్గరికొచ్చేదాకా ఏమీ తెలియదు. గోడకి అడ్డంగా రెండు వైపులా కనిపించే చిన్న సైడ్ బోర్డు ఒకటి తల తగలనంత ఎత్తులో పెట్టించి, రెండే మాటలు రాయించండి: "ఫోన్ రిపేర్". షాపు పేరు కూడా వద్దు. అది దూరం నుంచి పిలుస్తుంది, అద్దం మీదది దగ్గరికి వచ్చాక మాట్లాడుతుంది. కానీ మునిసిపాలిటీ వాళ్లని ముందే అడగండి, రోడ్డు మీదికి వచ్చే బోర్డులు తీసేస్తుంటారు.

ఐసీ వర్క్

నేనైతే టేబుల్ కూడా జరుపుతాను. "మీ ముందే" అని రాసి వెనక గదిలో రిపేర్ చేస్తే నవ్వుతారు. ఫ్లెక్స్ అద్దం మొత్తం కప్పెయ్యకుండా ఒక పక్క అడుగున్నర వదిలి, ఆ సందు వెనక మ్యాట్, టేబుల్ ల్యాంపు, మైక్రోస్కోప్ పెట్టు. విప్పిన ఫోన్ మీద చేతులు కదులుతుంటే పిల్లలు ఆగుతారు, వాళ్ల చెయ్యి పట్టుకున్న పెద్దవాళ్లూ ఆగాల్సిందే.

బోర్డు మాస్టారు

ఒకటిన్నర అడుగు వదిలితే 30 అంగుళాలే మిగులుతాయి. 4 అంగుళాల అక్షరం ఒక లైనులో పట్టదు. "ఫోన్" పైన, "పగిలిందా?" కింద, రెండు లైన్లు చెయ్యాలి. వత్తులు లేవు కాబట్టి లైన్లు దగ్గరగా పెట్టొచ్చు. నాకు అభ్యంతరం లేదు, బహుశా అదే బాగుంటుంది కూడా.

పేట మొబైల్స్

టేబుల్ జరపడం కుదురుతుంది. మరి ప్రస్తుతానికి ఇదీ:

> ఫోన్
> పగిలిందా?
> మీ ముందే మారుస్తాం. లాక్ చెప్పక్కర్లేదు.
> ఛార్జింగ్ ఎక్కట్లేదా? ఫ్రీగా చూస్తాం

రీఛార్జులు, పౌచుల మాట తీసేశాను. మా నాన్నగారు ఒప్పుకోవట్లేదు, "పౌచులు అమ్మట్లేదనుకుంటారు" అంటున్నారు.

విజయ డీటీపీ

పౌచులు కళ్ల ముందు వేలాడుతుంటాయి కదండీ, వాటికి బోర్డు ఎందుకని చెప్పండి.

ప్రింటుకి ఇచ్చే ముందు ఒక పని చేయండి. ఒక్కో అక్షరం ఏ4 కాగితం మీద అసలు సైజులో తీయించి, అద్దానికి టేపుతో అంటించి రోడ్డు అవతల నుంచి చూడండి. మధ్యాహ్నం ఒకసారి, లైట్లు వేశాక ఒకసారి. తర్వాత షాపు సంగతి తెలియని మనిషికి డిజైన్ ఫోటో ఫోన్‌లో చూపించి, మూడు లెక్కపెట్టేలోపు తీసేసి, "ఇది ఏం షాపు?" అని అడగండి. "సెల్ ఫోన్ల షాపు" అన్నారంటే ఇంకా కుదరలేదు. "ఫోన్ బాగుచేసే షాపు" అనాలి.

డిజిటల్ కిరణ్

అదే మనిషికి రేటు ఉన్నది ఒకటి, లేనిది ఒకటి చూపించి దేనికి లోపలికి వస్తావో కూడా అడుగు బ్రో. ఐసీ వర్క్ అన్న నన్ను ఒప్పించలేదు.

ఐసీ వర్క్

అడగనీ. కానీ వస్తావా అంటే అందరూ వస్తామంటారు తమ్ముడూ. రెండు ఫ్లెక్స్‌లు కొట్టించి నెల నెలా మారిస్తే తెలుస్తుంది. వచ్చినవాళ్లలో రేటు విని వెనక్కి వెళ్లినవాళ్లని విడిగా రాసుకోవాలి, లేకపోతే లెక్క తప్పుతుంది.

పేట మొబైల్స్

12 చదరపు అడుగుల లోపే కాబట్టి రెండూ కొట్టిస్తాను. ముందు రేటు లేనిది పెడతాను. వానలు మొదలైతే "ఫోన్ తడిసిందా?" అని మార్చుకోవచ్చు, దాంట్లో కూడా వత్తు లేదు మాస్టారూ.

బోర్డు మాస్టారు

ఉండదు. కింద "ఆన్ చేయొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు, తీసుకురండి" అని రాయండి. సైజు మళ్లీ లెక్క వేసి పంపుతాను, మీరు వదిలే సందు ఎన్ని అంగుళాలో కొలిచి చెప్పండి.

రమణ 77

మాస్టారూ, బియ్యంలో పెడితే ఆరిపోతుంది కదా?

ఐసీ వర్క్

వద్దు రమణ గారూ. ఆపిల్ వాళ్లు కూడా వద్దనే చెప్తున్నారు, బియ్యం నూక హోల్‌లోకి పోతుంది. మీరు ఇప్పుడే దూది తీశారు.